ఎనిమిదిన్నర మెసేజ్

హిందూపురంలో మా ఆడపిల్లల హాస్టల్ గేటుకి వేలిముద్ర మిషన్ వచ్చాక, పెద్ద పని తప్పిందని సంబరపడ్డాను. రాత్రి ఎనిమిదిన్నరకి లోపలున్నవాళ్ల ఇళ్లకి "మీ అమ్మాయి హాస్టల్లో ఉంది, వార్డెన్" అనీ, లేనివాళ్ల ఇళ్లకి "ఇంకా రాలేదు" అనీ మెసేజ్ దానంతటదే పోతుంది. గదిగదికీ తిరిగి తలలు లెక్కపెట్టే రిజిస్టరు బీరువాలో పడేశాను.

ఒక శనివారం రాత్రి ధర్మవరం నుంచి ఫోన్. మా ఫస్టియర్ పిల్ల.

"మేడమ్, నేను యాడుండా?"

"ఇదేం ప్రశ్న? హాస్టల్లోనేగా!"

"మా ఇంట్లో ఉండా మేడమ్. మగ్గం పక్కన కూర్చోని అన్నం తింటాండా. పొద్దున వాచ్‌మన్‌కి సెలవు చీటీ ఇచ్చే వచ్చినా. నేను హాస్టల్లో ఉండానని అమ్మ ఫోన్‌కి మీ పేరుతో మెసేజ్ వచ్చింది."

నవ్వబోయి ఆగిపోయాను. ఇంకెంతమంది విషయంలో ఇలా పోయిందో! రిజిస్టరు తీసి మంచం మంచం చూశాను. ఒకటి ఖాళీ. మధ్యాహ్నం స్నేహితురాలితో పెనుకొండ కోట చూడ్డానికి పోయిందని పక్క మంచం పిల్ల చెప్పింది. ఫోన్ చేస్తే స్విచాఫ్.

వాళ్ల ఊరు పెనుకొండ పక్కనే. నాన్నకి చేశాను. "ఉందని మెసేజ్ వచ్చింది కదా మేడమ్, పండుకుంటాంటి" అన్నాడాయన. నా గొంతు పెగల్లేదు. బండేసుకుని పోతే, ఇద్దరూ పెనుకొండ బస్టాండులో దొరికారు. కొండ దిగుతుంటే కాలు బెణికిందట, చీకటి పడిందట. ఫోన్‌లో చార్జింగ్ లేదు. ఇంటికి పోతే నాన్న తిడతాడని అక్కడే కూర్చున్నారు.

సోమవారం ధర్మవరం పిల్ల నా పక్కన కూర్చుని మిషన్ లెక్క తీసి చూపించింది. ఆ మిషన్ లోపలికా, బయటికా అని అడగదు. మొదటిసారి వేలు పెడితే పోయినట్టు, రెండోసారి పెడితే వచ్చినట్టు రాసుకుంటుంది. శనివారం పొద్దున 7:42కి తను వేలు పెడితే బీప్ వినపడలేదట. మళ్లీ పెట్టింది. అంతే, తను రైలెక్కకముందే "తిరిగి వచ్చేసింది". పెనుకొండ పిల్ల పేరు మీదా మధ్యాహ్నం నాలుగు సెకన్ల తేడాతో రెండు గుర్తులున్నాయి.

మిషన్ పెట్టిన అబ్బాయికి చెప్తే, నిమిషంలోపు రెండోసారి పెట్టిన వేలు లెక్కలోకి రాకుండా మార్చాడు.

"మరి తిరిగొచ్చేటప్పుడు వేలు పెట్టడం మర్చిపోతే?" అన్నాను. "లోపలున్నా రాలేదనే చూపిస్తుంది కదా?"

"చూపించనీ మేడమ్. రాలేదంటే మీరు వెతుకుతారు. ఉందంటే ఎవరూ వెతకరు."

అది నాకు సూదిలా దిగింది. ఇప్పుడు ఎనిమిదింటికే రిజిస్టరు పట్టుకుని తిరుగుతున్నాను. నేను బటన్ నొక్కితేనే మెసేజ్ పోతుంది.

నిన్న రాత్రి మెసేజ్ పోగానే ధర్మవరం నుంచి వాళ్లమ్మ ఫోన్. "నిజంగానే ఉందా మేడమ్?"

నేనేం చెప్పలేదు. ఎదురుగా ఉన్న పిల్లకి ఫోన్ ఇచ్చాను.