స్విచ్‌బోర్డుకి ఎవరు రంగేశారు?

సంక్రాంతికి వినగడపలో మా ముందుగదికి ఒక కోటు రంగేయించాం. ముందు, తర్వాత ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. చూసి నాన్న "ఇంకో కోటెందుకు, ఇది చాలు" అనేశారు. అమ్మ మాత్రం "ఒరేయ్, స్విచ్‌బోర్డుకి కూడా రంగేశార్రా?" అంది.

నిజమే. ఎవరూ ముట్టుకోని బోర్డు కూడా రెండో ఫొటోలో తెల్లబడింది. మొదటిది రాత్రి పసుపు బల్బు కింద తీశాను, రెండోది మధ్యాహ్నం కిటికీ తెరిచి. తేడాలో కొంత రంగుది, కొంత వెలుగుది. మళ్లీ రాత్రి అదే బల్బు కింద, అదే చోట నిలబడి తీస్తే పాత మరక లీలగా కనపడింది. రెండో కోటు వేయించాం.

అందుకే నా మాట: రెండు ఫొటోలు పోల్చేటప్పుడు ముందు మారకూడనిదాన్ని చూడాలి. బోర్డు, గచ్చు, తలుపు రెండింట్లో ఒకేలా ఉంటేనే గోడలో తేడాని నమ్మాలి. 2019లో మొదలైన ‘మన బడి నాడు-నేడు’ పేరుతో మనం చూసిన బడుల జంట ఫొటోలకైనా ఇదే పరీక్ష.

తీసేవాళ్లు గోడకి ఓ తెల్లకాగితం అంటించి, రెండుసార్లూ అది ఫ్రేములో ఉండేలా చూసుకోండి. ఫ్లాష్ వద్దు. కాగితం రంగు మారిందంటే మారింది వెలుగే.

ఇంత చేసినా గోడలో చెమ్మ ఫొటోకి దొరకదు. కొత్త రంగు దాన్ని కొన్నాళ్లు కప్పేస్తుంది. అందుకే వానలయ్యాక మూడో ఫొటో కూడా తీయాలి. గోడ అడుగున రంగు పొక్కిందో లేదో అది చెబుతుంది.