"బ్రో, ఈ గ్యాప్ 15 ఆ, 16 ఆ?"

నా మొదటి యాప్ స్క్రీన్ ఫైల్ పంపిన గంటకే మా డెవలపర్ నుంచి వచ్చిన మెసేజ్ ఇది. రాత్రి పదకొండు దాకా ఇలాంటివి వస్తూనే ఉన్నాయి. మర్నాటి రిలీజ్ వాయిదా పడింది.

తప్పు నాదే. ఫిగ్మాలో అన్నీ కంటి అంచనాతో జరిపాను. ఒక కార్డులో 15, ఇంకో కార్డులో 17 వచ్చింది. నేను ఏది అనుకున్నానో తనకెలా తెలుస్తుంది? ఇప్పుడు ఆటో లేఅవుట్ పెట్టి 8, 16, 24 మాత్రమే వాడుతున్నా. మధ్యలో 17 కనిపిస్తే అది నా పొరపాటని తనకే అర్థమవుతుంది.

రెండోది బటన్. మామూలుగా ఉన్నప్పటి రూపం ఒక్కటే ఇచ్చా. నొక్కినప్పుడు, లోడ్ అవుతున్నప్పుడు, పనిచేయనప్పుడు ఎలా ఉండాలి? ఈ నాలుగు రూపాలూ ఇప్పుడు ఒకే కాంపోనెంట్‌లో వేరియంట్లుగా పెడుతున్నా.

మూడోది ఐకాన్ పేరు. `Heart Icon-Final.png` అని ఇచ్చా. ఆండ్రాయిడ్ బిల్డే ఫెయిలైంది! అక్కడ ఇలాంటి ఫైల్ పేర్లలో ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేమీ ఉండకూడదు. `ic_heart_filled.png` అని మార్చాక సమస్య తీరింది.

ఇప్పటికీ ప్రశ్నలు వస్తాయి. మొన్న, "యూజర్ పేరు రెండు లైన్లు అయితే?" అన్నాడు. అది నేను ఆలోచించనే లేదు. అలాంటి ప్రశ్నలు ఎన్నైనా రానీ. గ్యాప్ ఎంత అని అడిగితేనే సిగ్గేస్తుంది.