జావ లెక్కలో నూకలేవీ?

ఎండాకాలం బస్తర్‌లో పనికి వెళ్లేవారి వెంట సొరకాయ బుర్ర ఉంటుంది. అందులో ఉండేది మండియా పేజ్. మన రాగి అంబలికి తోబుట్టువే. రాత్రి నానబెట్టి పులియనిచ్చిన రాగి పిండిని ఉడుకుతున్న నూకల్లో పోసి కాస్తారు. మధుమేహం ఉన్నవారికి ఇచ్చే ఆహార పట్టిక తప్పుదారి పట్టేది సరిగ్గా ఈ నూకల దగ్గరే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన విలువల ప్రకారం 100 గ్రాముల బియ్యంలో పిండి పదార్థం 78 గ్రాములు, రాగుల్లో 67. తేడా జనం అనుకునేంత పెద్దదేమీ కాదు. రాగుల్లో పీచు ఎక్కువన్నది నిజమే. అయితే పిండి పట్టించి, మెత్తగా ఉడికించి తాగితే చక్కెర త్వరగానే రక్తంలోకి చేరుతుంది. పైగా ఇవి పచ్చి గింజల విలువలు. కంచంలోకి వచ్చేసరికి లెక్క ఇలా ఉంటుంది:

| వడ్డన | పిండి పదార్థం (గ్రా., సుమారు) |
|---|---|
| అన్నం, ఒక కప్పు (బియ్యం 50 గ్రా.) | 39 |
| సామల అన్నం (సామలు 50 గ్రా.) | 33 |
| నూకలు లేని రాగి జావ, 250 మి.లీ. (పిండి 25 గ్రా.) | 17 |
| మండియా పేజ్, 250 మి.లీ. (పిండి 25, నూకలు 15 గ్రా.) | 28.5 |
| ఉడికించిన ఉలవలు (పచ్చివి 30 గ్రా.) | 17 |

మధ్యాహ్నం రెండు గ్లాసుల పేజ్, ఒక కప్పు అన్నం తీసుకునే వ్యక్తిని ఊహించుకోండి. అతని పట్టికలో 'రాగి జావ' అని మాత్రమే ఉంటే లెక్క 73 గ్రాములకు తేలుతుంది. అసలు లోపలికి వెళ్లింది 96. ఆ 23 గ్రాముల తేడా అరకప్పు అన్నం కన్నా ఎక్కువే. భోజనం తర్వాత రెండు గంటలకు చూసిన చక్కెర 180 దాటుతుంటే, 'రాగులు తింటున్నా తగ్గడం లేదు' అని వాపోతాడు. తప్పు రాగులది కాదు, లెక్కది.

సరిచేయడానికి వంటింటి తూకం ఒక్కసారి వాడితే చాలు. కుండలో 200 గ్రాముల పిండి, 120 గ్రాముల నూకలు పోశారనుకుందాం. మొత్తం పిండి పదార్థం 228 గ్రాములు. జావ ఎనిమిది గ్లాసులైతే గ్లాసుకు 28.5. నీళ్లు ఎక్కువ పోసి పది గ్లాసులు చేస్తే 23 చొప్పున. అంటే గ్లాసును కాదు, కుండలో పోసిన గింజను కొలవాలి. బుర్రలోంచి నేరుగా తాగేవారికి ఎంత తాగారో తెలియదు కాబట్టి ఇంట్లోనే గ్లాసుతో కొలిచి నింపుకోవడం మేలు.

పేజ్ మానమంటే బస్తర్‌లో ఎవరూ వినరు, మానాల్సిన పనీ లేదు. అన్నం తీసేసి, ఒక గ్లాసు పేజ్‌తో పాటు ఉలవలు, దండిగా ఆకుకూర పెడితే మొత్తం 50 గ్రాముల దరిదాపుల్లో ఆగుతుంది. ఉలవల నుంచి ఆరు గ్రాములకు పైగా మాంసకృత్తులు అదనం. ఇక్కడ ఉలవలను హిర్వా అంటారు, కొత్తగా కొనిపించే సరుకు కాదు. అయితే ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడుతున్నవారు 96 నుంచి 50కి ఒక్కసారిగా దిగకూడదు. మందు మోతాదు పాత భోజనానికి సరిపడా ఉంటుంది కనుక, చెమటలు పట్టి, చేతులు వణికి పొలంలోనే కూలబడే ప్రమాదం ఉంది. ముందు డాక్టరుకు రెండు లెక్కలూ చూపించాలి.