పొలంబడిలో అడగవలసింది ఎవరిని?

పంట కోతకు ముందు పొలంబడి ముగింపు సభ జరుగుతుంది. షామియానా వేస్తారు, భోజనాలు పెడతారు, అధికారులు వస్తారు. చివర్లో రైతుల చేతికి ఒక కాగితం ఇస్తారు. 'శిక్షణ ఎలా ఉంది? బాగుంది, ఫరవాలేదు, బాగాలేదు.' అన్నం పెట్టిన చోట కూర్చుని బాగాలేదని రాసే రైతు మన పల్లెల్లో ఉండడు. అందరూ బాగుంది దగ్గరే టిక్కు పెడతారు. కాగితాలు కట్టగట్టి మండల కేంద్రానికి పంపుతారు. మరుసటి ఏడు అదే పాఠం, అదే వేళకు మళ్లీ మొదలవుతుంది.

ఈ విలేకరి చూసిన ఒక గ్రామంలోనూ ఇదే జరిగింది. అదే బల్లమీద హాజరు పుస్తకం ఉంది. అభిప్రాయాల కట్టను, ఆ పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు. ఆ పుస్తకం లేకుండా అడిగిన ప్రశ్నలకు విలువ లేదు.

పొలంబడి ఒకరోజు శిక్షణ కాదు. 1989లో ఇండొనేషియా వరి పొలాల్లో మొదలైన ఈ పద్ధతిలో 25, 30 మంది రైతులు పంటకాలమంతా వారానికొకసారి పొలం గట్టున కలుసుకుంటారు. కనుక హాజరులో ప్రతి రైతుకూ వారం వారం లెక్క ఉంటుంది. మొదట ఉత్సాహంగా వచ్చినవారు నాట్ల సమయంలో మానేస్తారు. ముగింపు రోజున ఉన్నవారినే అడిగితే, నచ్చి చివరిదాకా వచ్చినవారిని, భోజనానికి వచ్చినవారిని అడిగినట్టే. మధ్యలో మానేసినవారు ఎందుకు మానేశారో ఆ కాగితం చెప్పలేదు. నిజానికి శాఖవారు తెలుసుకోవలసింది వారి మాటే.

కాబట్టి ఎవరిని అడగాలన్నది హాజరు పుస్తకమే తేల్చాలి. రైతు వరుసగా రెండు వారాలు రాకపోతే మూడో వారం లోపలే ఇంటికి వెళ్లి కారణం అడగాలి. పంట అయిపోయాక అడిగితే 'తీరిక లేదు' అన్న ఒక్క మాటే వస్తుంది. అప్పుడే అడిగితే 'ఉదయం పూట నీళ్ల వంతు ఉంది', 'ఆ వేళకు కూలికి పోతాను' అని అసలు సంగతి తెలుస్తుంది. వేళ మార్చుకునే అవకాశం అప్పటికింకా ఉంటుంది.

ఇక ప్రశ్నలు. నచ్చిందా అని కాదు, చేశారా అని అడగాలి. విత్తన శుద్ధి పాఠమే తీసుకుందాం. కిలో వరి విత్తనానికి లీటరు నీటిలో 1 గ్రాము కార్బండిజం కలిపి, 24 గంటలు నానబెట్టి, తర్వాత మండె కట్టాలని చెబుతారు. దీనికి నాలుగు ప్రశ్నలు చాలు. కిందటేడు విత్తన శుద్ధి చేశారా? ఈ ఏడు చేశారా? నారు ఏ తేదీన పోశారు? చేయకపోతే ఎందువల్ల? మొదటి ప్రశ్నను పొలంబడి తొలిరోజున, పాఠం చెప్పకముందే అడగాలి. తర్వాత అడిగితే నిరుడు చేయనివారూ చేశామనే అంటారు. మిగిలిన మూడు నారు పోసిన పది పదిహేను రోజుల్లోపు, జ్ఞాపకం చెదరకముందే అడగాలి.

లెక్క తెలియడానికి ఒక ఊరిని ఊహించుకుందాం. పుస్తకంలో 30 పేర్లున్నాయి. విత్తన శుద్ధి చెప్పిన రోజున 22 మంది వచ్చారు, 8 మంది రాలేదు. వచ్చినవారిలో 15 మంది శుద్ధి చేశారు. శిక్షణ ఫలించిందని చంకలు గుద్దుకోవచ్చు. కాని రానివారిలోనూ 5గురు చేశారు. పైగా, వచ్చి చేసిన 15 మందిలో 11 మంది నిరుడూ చేసినవారే. అంటే పాఠం విని కొత్తగా మొదలుపెట్టింది 4గురు. రానివారిలో కూడా ఒకరు పక్క రైతును చూసి మొదలుపెట్టారు.

పాఠం విని కూడా చేయని 7గురిని కారణం అడిగితే ముగ్గురిలో ఇద్దరు మందు దొరకలేదన్నారు, ఒకరు నమ్మకం లేదన్నారు. తక్కిన 4గురు అప్పటికే నారు పోసేశారు. పాఠం చెప్పిన తేదీ హాజరు పుస్తకంలో ఉంది, నారు పోసిన తేదీ రైతు చెప్పాడు. రెండూ పక్కన పెడితే తప్పు రైతుది కాదని, పాఠం ఆలస్యమైందని తేలుతుంది. వచ్చే ఏడు ఆ పాఠం పది రోజులు ముందుకు జరపాలి. 'బాగుంది' కాగితాలు వెయ్యి పోగుచేసినా ఈ ఒక్క సంగతి బయటపడదు.

అన్నీ నోటితో అడగనక్కరలేదు. సుడిదోమ తాకిడి తగ్గడానికి ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయమంటారు. తీశారో లేదో నాట్లయ్యాక గట్టుమీద నడిస్తే కంటికే కనిపిస్తుంది. రైతు చెప్పిన మాటకు పొలం సాక్ష్యం ఉన్నచోట పొలాన్నే చూడాలి.

హాజరు పుస్తకాన్నీ గుడ్డిగా నమ్మరాదు. ఒకరి సంతకం మరొకరు పెట్టడం మనకు కొత్త కాదు. 'ఆ వారం ఎవరి చేలో కూర్చున్నారు? ఏ పురుగు చూపించారు?' అని మాటల్లో అడిగితే వచ్చినవారు, రానివారు తెలిసిపోతారు. మరొక చిక్కు ఉంది. పుస్తకంలో పేరు పట్టాదారుది, సాగు చేసేది కౌలుదారు. సంతకం భర్తది, నాటేది భార్య. కాండం తొలుచు పురుగు గుడ్లు పోవడానికి నారు కొనలు తుంచి నాటాలన్న పాఠం ఆయన విని వస్తే, నారు చేతపట్టే ఆమెకు ఆ మాట చేరిందా? ఆ ప్రశ్న ఆమెనే అడగాలి.

హాజరుతో ముడిపెడితే రైతుకు భయం కూడా పుడుతుంది. రాలేదని చెబితే రాయితీ విత్తనాలు ఆపుతారేమోనని జంకుతాడు. అందుకు ఉపాయం కష్టమేమీ కాదు. ప్రశ్నల కాగితం మీద పేరు వద్దు, వరుస సంఖ్య చాలు. ఏ సంఖ్య ఎవరిదో తెలిపే జాబితా పాఠం చెప్పినవారి దగ్గర ఉండకూడదు. అడిగేది కూడా వారు కాకుండా పక్క ఊరి ఉద్యోగి కావాలి. లెక్క తేలాక జాబితాను అందరి ఎదుట చించివేయాలి. రాయితీకి, దీనికి సంబంధం లేదని మొదటే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవాలి.

ఇంతచేసినా 30 మంది లెక్కతో దిగుబడి పెరిగిందని చాటుకోరాదు. కాలువ నీరు, వాన, ధర అన్నీ అందులో కలుస్తాయి. ఏ పాఠం ఎవరికి, ఎప్పుడు అందలేదన్నది మాత్రం తెలుస్తుంది. శాఖవారికి కావలసిందీ అదే.

పుస్తకం వారి బీరువాలోనే ఉంది. కొత్త ఖర్చు లేదు. మళ్లీ ఖరీఫ్ నారుమళ్లు పోయకముందే, తొలివారం నాడు మొదటి ప్రశ్న అడగాలి. అన్నం పెట్టిన రోజున అభిప్రాయం అడిగే ఆచారానికి ఇకనైనా స్వస్తి చెప్పవలసి ఉంది.