సంతకానికి ముందే సెలవు మాట

ముందే ఖాయమైన సెలవు గురించి చెప్పాల్సింది ఆఫర్ చేతికొచ్చాక, అంగీకారం తెలిపే ముందు. ఇంటర్వ్యూలోనే చెబితే ఎంపిక మీద దాని ప్రభావం పడొచ్చు; చేరాక అడిగితే మేనేజర్ దయ. అక్టోబరు 1న చేరే వ్యక్తికి డిసెంబరు మొదట్లో చెల్లెలి పెళ్లికి 10 పనిదినాలు కావాలనుకుందాం. నెలకు ఒకటిన్నర రోజు చొప్పున సెలవు జమయ్యే చోట నవంబరు చివరికి మిగిలేవి 3 రోజులే. తక్కిన 7 రోజులకు జీతం కోస్తారా, రాబోయే సెలవుల్లోంచి ముందుగా ఇస్తారా? ప్రొబేషన్‌ను కూడా అన్ని రోజులు పొడిగిస్తారా? ఇవన్నీ తేదీలతో సహా ఆఫర్ లెటర్‌లోనో, కనీసం హెచ్ఆర్ పంపిన ఈమెయిల్‌లోనో ఉండి తీరాలి. ఫోన్‌లో "చూద్దాంలెండి" అన్న రిక్రూటర్ మనం చేరేనాటికి అక్కడ ఉండకపోవచ్చు, మన టీమూ మారిపోవచ్చు. అడిగితే ఆఫర్ పోతుందేమోనని చాలామందికి భయం. కానీ 90 రోజుల నోటీసు పీరియడ్ పూర్తయ్యేదాకా ఆగడానికి ఒప్పుకున్న కంపెనీ 10 రోజుల దగ్గర తెగేదాకా లాగడం అరుదు. లాగితే, ఆ సంగతి పాత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకముందే తెలియడం మేలు. సరిగ్గా ఆ సెలవు రోజుల్లోనే ప్రాజెక్టు మొదలవుతుంటే మాత్రం కంపెనీ అభ్యంతరం న్యాయమైనదే. అప్పుడు జాయినింగ్ తేదీనే పెళ్లి తర్వాతికి జరపమని అడగొచ్చు. కాకపోతే పాత కంపెనీ అన్నాళ్లు ఉంచుకుంటుందో లేదో ముందు కనుక్కోవాలి.