అడ్వాన్స్ కట్టే ముందు ప్యాకేజీని కింది నుంచి చదవాలి

దక్షిణ ఢిల్లీలో జేఎన్‌యూ, ఐఐటీల పక్కనే ఉన్న బేర్ సరాయ్‌లో పోటీ పరీక్షలకు చదువుకునే వాళ్లు పెద్ద సంఖ్యలో ఉంటారు. పిల్లలు ఢిల్లీలో ఉంటే అమ్మానాన్నలకు చార్‌ధామ్ చూసి రావడానికి ఒక దారి దొరికినట్టే. ప్యాకేజీ వెతికి అడ్వాన్స్ కట్టే పని మాత్రం పిల్లల మీద పడుతుంది. ట్రావెల్ ఏజెన్సీ పేజీ తెరవగానే పైన ఫొటోలు, ధర, బయలుదేరే తేదీలు కనిపిస్తాయి. మన డబ్బు ఎప్పుడు, ఎంత తిరిగొస్తుందో చెప్పే షరతులు అట్టడుగున ఉంటాయి. చదవాల్సింది అక్కడి నుంచే.

ముందుగా తేదీ. పేజీలో తేదీ ఉన్నంత మాత్రాన ఆ రోజు బస్సు కదులుతుందని కాదు. గ్రూప్ టూర్లలో చాలావరకు కనీస సంఖ్యలో ప్రయాణికులు కుదిరితేనే బయలుదేరుతాయి. కుదరకపోతే ఏజెన్సీ మరో తేదీ ఇస్తుంది. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీకి రైలు టికెట్లు కొనుక్కున్న తల్లిదండ్రులకు ఆ మరో తేదీ ఎందుకూ పనికిరాదు. కాబట్టి అడగాల్సింది ‘సీట్లున్నాయా’ అని కాదు. ‘మనుషులు తగ్గినా బయలుదేరతారా, లేకపోతే మొత్తం డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారు’ అని అడగాలి. జవాబు ఫోన్లో కాకుండా ఈమెయిల్లో తీసుకోవాలి. ‘ఇక రెండే సీట్లు’ అనే తొందరకు లొంగనక్కర్లేదు. లేని కొరతను ఉన్నట్టు చూపడం 2023 నవంబర్ 30న కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల ప్రకారం నిషిద్ధం.

రెండోది, ధరలో ఏం లేదన్నది. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కు సుమారు 16 కిలోమీటర్లు నడక. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు గుర్రమో, డోలీయో, హెలికాప్టరో తప్పదు. ప్యాకేజీల్లో సాధారణంగా ఈ ఖర్చు కలిసి ఉండదు. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లకు heliyatra.irctc.co.in అధికారిక సైటు. దాని పేరుతో నకిలీ సైట్లు పుట్టుకొస్తున్నాయని కేంద్ర హోం శాఖ సైబర్ నేరాల విభాగం 2025 ఏప్రిల్‌లో హెచ్చరించింది.

మూడోది అడ్వాన్స్. చాలామంది పొరబడేది ఇక్కడే. మనిషికి 24 వేల ప్యాకేజీకి ముగ్గురి కోసం ఐదేసి వేల చొప్పున 15 వేలు కట్టారనుకుందాం. ప్రయాణానికి పది రోజుల ముందు నాన్నకు ఒంట్లో బాగోలేక రద్దు చేసుకున్నారు. షరతుల్లో 25 శాతం కోత అని ఉంది. 15 వేలలో పాతిక శాతమే కదా, 3,750 పోతుందని మనం లెక్కేసుకుంటాం. కానీ ఆ శాతం మొత్తం ప్యాకేజీ ధర మీద అని రాసి ఉంటే కోత 72 వేలలో పాతిక శాతం, అంటే 18 వేలు. కట్టిన అడ్వాన్స్ అంతా పోయి, ఇంకా మూడు వేలు బాకీ పడతాం. శాతం దేని మీద అన్న ఒక్క మాటలో ఇంత తేడా ఉంది.

పోల్చుకోవడానికి ఐఆర్‌సీటీసీ రైలు యాత్రల షరతులు పనికొస్తాయి. అక్కడా శాతాలు ప్యాకేజీ ధర మీదే. కానీ 15 రోజులు లేదా అంతకంటే ముందు రద్దు చేస్తే మనిషికి 250 రూపాయలే పోతాయి. 8 నుంచి 14 రోజుల మధ్య 25 శాతం, 4 నుంచి 7 రోజుల మధ్య 50 శాతం, ఆ తర్వాత మొత్తం పోతుంది. ప్రైవేటు ఏజెన్సీ బుక్ చేసిన మర్నాటి నుంచే అడ్వాన్స్ తిరిగి రాదంటే, అది ఎంత కఠినమో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఏజెన్సీయే మాట తప్పితే? మొదట 1915 హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే సేవాలోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 2019 చట్టం వచ్చాక ఫిర్యాదుదారు తాను ఉండే చోటే కేసు వేయొచ్చు. బుక్ చేసింది ఢిల్లీలోనైనా, వరంగల్‌లో ఉండే తండ్రి పేరున డబ్బు కట్టి ఉంటే ఆయన వరంగల్‌లోనే వేయొచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. అందుకే రసీదు ఎవరి పేరున ఉందో చూసుకోవాలి. డబ్బు వ్యక్తిగత యూపీఐ ఖాతాకు కాక సంస్థ ఖాతాకే వెళ్లాలి.

అయితే కంపెనీయే దివాలా తీస్తే ఈ దారి కూడా మూసుకుపోతుంది. 2019 అక్టోబర్‌లో కాక్స్ అండ్ కింగ్స్ అంత పాత సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అలాంటప్పుడు ముందే డబ్బు కట్టిన ప్రయాణికుడు కూడా అప్పులిచ్చిన వాళ్ల వరసలో నిలబడాల్సిందే. ఐరోపాలో ప్యాకేజీలు అమ్మే సంస్థ మునిగినా ప్రయాణికుల డబ్బుకు పూచీ ఉండాలని చట్టం ఉంది. మన దగ్గర అలాంటి తప్పనిసరి పూచీ లేదు. పర్యాటక శాఖ గుర్తింపు కూడా ఏజెన్సీలు ఇష్టమైతే తీసుకునేదే. ఆ రక్షణ వచ్చేదాకా చేతిలో ఉన్న ఉపాయం ఒక్కటే: అడ్వాన్స్ తక్కువగా, మిగతాది వీలైనంత ఆలస్యంగా కట్టడం.