కరిగే బట్ట, కాల్చే బట్ట

నిప్పు దగ్గర పనిచేసేవారి దుస్తుల గురించి ఆలోచించేటప్పుడు, బట్ట అంటుకుంటుందా లేదా అని చూసేవారే గానీ, వేడికి అది కరుగుతుందా అని అడిగేవారు తక్కువ. నూలు బట్ట కరగదు, దాదాపు 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర అంటుకొని బూడిదవుతుంది. పాలిస్టర్ మాత్రం 250, 260 డిగ్రీల మధ్యనే జిగట ద్రవంగా మారుతుంది. వెల్డింగులో చిమ్మే రవ్వలు కరిగిన లోహపు బొట్లు, ఉక్కు కరగడానికే దాదాపు 1,500 డిగ్రీల వేడి కావాలి. అలాంటి చిన్న రవ్వ ముంజేతిపై పడితే మందపాటి నూలు చొక్కా మీద చాలాసార్లు గోధుమరంగు మచ్చో, చిన్న చిల్లో మిగులుతుంది. పాలిస్టర్ చొక్కాలో మాత్రం చిల్లు చుట్టూ కరిగిన పదార్థం చర్మానికి అతుక్కొని, గడ్డకడుతున్నంతసేపూ తన వేడిని అక్కడే వదులుతూ గాయాన్ని లోతు చేస్తుంది.

నూలు కలిసింది కాబట్టి టెరికాటన్ ఫరవాలేదన్న నమ్మకం మరీ ప్రమాదకరం. మంట తగిలిన శుద్ధ పాలిస్టర్ ముడుచుకొని వెనక్కి జరగడమో, మంటతో సహా బొట్లుగా రాలిపోవడమో కొంత జరుగుతుంది. టెరికాటన్‌లో ఆ అవకాశం ఉండదు, ఎందుకంటే కరగని నూలుపోగులు బొగ్గుగా మారి, ప్రమిదలో వత్తి నూనెను పట్టి ఉంచినట్టు కరిగిన పాలిస్టర్‌ను పట్టి ఉంచి మండిస్తాయి. యూనిఫాం పేరిట కార్మికులకు ఈ బట్టనే కుట్టించి ఇవ్వడం, ఉతకడం తేలికన్న ఒక్క సౌకర్యం కోసం పెద్ద అపాయాన్ని కొనితెచ్చుకోవడమే.

వంటింట్లో రవ్వలకంటే వేలాడే బట్టే ముఖ్యమైన ముప్పు. స్టవ్ మీదుగా వెనుక బర్నర్ వైపు చెయ్యి చాచినప్పుడు జారే నైలాన్ పమిటకు, వదులైన నైటీ చేతికి మంట అందుతుంది. పల్చని వదులు నూలు బట్ట కూడా వేగంగానే అంటుకుంటుంది కనుక, ఒంటికి సరిపోయే, దట్టంగా నేసిన నూలు దుస్తులూ, దోపుకున్న కొంగూ శ్రేయస్కరం. వెల్డరుకు మందపాటి నూలు చొక్కా, తోలు ఏప్రాన్, తోలు చేతిగ్లౌజులు, బూటుపైకి దిగే మడతల్లేని ప్యాంటు కావాలి. మడతలో చిక్కిన రవ్వ చల్లారక ముందే బట్టను తొలిచేస్తుంది. లోదుస్తులూ నూలువే కావాలి, పైబట్ట కాలకపోయినా దాన్ని దాటిన వేడికి లోపలి నైలాన్ కరగవచ్చు. మంటను నిరోధించే రసాయనంతో శుద్ధిచేసిన నూలు ఇంకా మేలైనదే అయినా, బ్లీచింగుతో ఉతికితే ఆ గుణం క్షీణించవచ్చు.

కొనే ముందు బట్ట అంచునుంచి నిలువు, అడ్డ పోగులు రెండూ లాగి, పట్టకారుతో పట్టుకొని విడివిడిగా అగ్గిపుల్ల మంటకు చూపాలి. కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద రాలితే నూలు, ముడుచుకొని గట్టి నల్లపూసగా మిగిలితే పాలిస్టర్, బూడిదా పూసా రెండూ కనిపిస్తే టెరికాటన్. ఇంతా చూసినా పొరపాటున బట్ట కరిగి ఒంటికి అంటితే, దాన్ని లాగితే చర్మం కూడా ఊడివస్తుంది కాబట్టి, అలాగే వదిలి 20 నిమిషాలు పారే నీటి కింద చల్లార్చి, అతుక్కున్న ముక్క చుట్టూ మాత్రమే బట్టను కత్తిరించి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.